ఇరవై వేలు ఎక్కడ కట్టాలి?

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా గోదారి పక్కనే పైకి వెళ్తే చర్ల వస్తుంది. ఆ పైన తాలిపేరు ప్రాజెక్టు, అది దాటితే అడవి, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. మిర్చి కోతల కాలంలో ఇక్కడ డబ్బు కనబడుతుంది, వానాకాలంలో మాయమవుతుంది. ఇలాంటి చోట నెలజీతం మీద బతికే కుర్రవాళ్లు తక్కువే. ఎరువుల దుకాణంలో లెక్కలు రాసేవారు, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవారు, ఏదో ఒక శాఖలో కాంట్రాక్టు మీద పనిచేసేవారు. పెళ్లై, ఒక బిడ్డ పుట్టగానే వీళ్ల ఇంటికి బంధువుల్లోనే ఒక బీమా ఏజెంటు వస్తాడు. అతను తెచ్చేది దాదాపు ఎప్పుడూ ఎండోమెంట్ పాలసీయే. ఈమధ్య ఫోన్లో ప్రకటనలు చూసినవాళ్లు ‘టర్మ్’ అనే మాట కూడా వింటున్నారు. ఈ రెండింటిలో ఏది తీసుకోవాలని నన్ను అడిగినవాళ్లందరి మొదటి అభ్యంతరం ఒక్కటే: “అన్నా, టర్మ్‌ల బతికుంటే ఒక్క పైసా రాదంట గదా. మరి ఎందుకు కట్టాలె?”

సమాధానం చెప్పే ముందు ఈ అభ్యంతరం ఎక్కడ పుట్టిందో చూడాలి. తెలుగునాట బీమా కొత్తది కాదు. 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన పట్టాభి సీతారామయ్య, రెండేళ్ల తర్వాత అదే మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని కూడా పెట్టారు. 1956లో ఇలాంటి రెండు వందల నలభైకి పైగా సంస్థలను జాతీయం చేసి ఎల్ఐసీలో కలిపేశారు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా జీవిత బీమా అంటే దాదాపు ఎల్ఐసీ ఒక్కటే. ఆ సంస్థ ఊరూరా అమ్మినవి ఎక్కువగా ఎండోమెంట్లు, మనీబ్యాక్‌లు. అందుకే మన ఇళ్లలో ‘ఎల్ఐసీ కట్టడం’ అంటే డబ్బు దాచుకోవడం అనే అర్థం స్థిరపడింది. బ్యాంకులు దూరంగా ఉన్న రోజుల్లో అది మంచి అలవాటే. ఆ డబ్బుతో ఆడపిల్లల పెళ్లిళ్లు జరిగాయి, ఇళ్లకు స్లాబులు పడ్డాయి. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ దాచుకోవడం వేరు, ఇంటి యజమాని పోతే ఇల్లు నిలబడటం వేరు. ఈ రెండూ ఒకే పాలసీలో కలిసిపోయి, రెండోది ఎంత చిన్నదో ఎవరికీ కనబడకుండా పోయింది.

ఎండోమెంట్‌లో మనం కట్టే ప్రీమియంలో పెద్ద భాగం పొదుపుకే పోతుంది. నడిమధ్యలో మరణిస్తే బీమా మొత్తం, అప్పటిదాకా చేరిన బోనస్ ఇస్తారు. గడువు తీరేదాకా బతికుంటే అదే మొత్తం, అన్నేళ్ల బోనస్ కలిపి మనకే ఇస్తారు. టర్మ్‌లో పొదుపు భాగమే ఉండదు. కట్టింది మొత్తం ఆ ఏటి ప్రాణరక్షణకే ఖర్చవుతుంది, అందుకే అంత చవక. మన బండికి ఏటా కట్టే బీమా లాంటిదే అది. ఏడాదంతా ప్రమాదం జరగకపోతే ఆ డబ్బు వెనక్కి రాలేదని ఎవరూ బాధపడరు.

లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. తండ్రికి 28 ఏళ్లు, పాపకు మూడేళ్లు. ఎరువుల దుకాణంలో గుమస్తా, నెలకు 18,000 రూపాయలు. ఇంటి ఖర్చు 15,000. అందులో తన తిండి, పెట్రోలు, ఫోను పోను భార్యకూ బిడ్డకూ అయ్యేది 11,000. ఏడాదికి 1,32,000. పాపకు 22 ఏళ్లు వచ్చేదాకా, అంటే ఇంకో 19 ఏళ్లు, ఆ ఇల్లు నడవాలంటే 25 లక్షలు కావాలి. ధరలు పెరుగుతాయి నిజమే, చేతికొచ్చిన డబ్బు మీద వడ్డీ కూడా వస్తుంది. ఆ రెండూ ఇంచుమించు సరిపోతాయని అనుకుంటే ఈ అంకె నిలుస్తుంది. కోటి రూపాయల టర్మ్ అని ఊదరగొట్టే ప్రకటనలు ఈ ఇంటికి అవసరం లేదు. అయిదు లక్షల ఎండోమెంట్ మాత్రం ఈ ఇంటికి ఏ మూలకూ చాలదు.

ఈ తండ్రి కష్టపడితే నెలకు 1,600 చిల్లర, ఏడాదికి 20,000 మిగల్చగలడు. దాంతో 25 ఏళ్ల ఎండోమెంట్ తీసుకుంటే ఈ వయసుకు సుమారు 5 లక్షల బీమా వస్తుంది. బోనస్‌ను వెయ్యి రూపాయల బీమాకు ఇంత అని ప్రకటిస్తారు. వెయ్యికి 45 అనుకుంటే 5 లక్షలకు ఏటా 22,500. ఇది చక్రవడ్డీలా పెరగదు, ఏటికేడు పక్కన చేరుతూ ఉంటుందంతే. 25 ఏళ్లకు బోనస్ 5,62,500, బీమా మొత్తం 5,00,000, కలిపి 10.6 లక్షలు. చివర్లో అదనపు బోనస్ కలిస్తే ఇంకొంత పెరగొచ్చు, దానికి హామీ లేదు. “అయిదు లక్షలు కడితే పది లక్షలు, డబులు!” అని ఏజెంటు చెప్పేది ఈ లెక్కే. అబద్ధమేమీ కాదు. కాకపోతే పాతికేళ్ల పాటు కట్టి రెట్టింపు చేసుకోవడం అంటే ఏడాదికి వడ్డీ అయిదున్నర శాతం లోపే. ధరలు ఏటా 5 శాతం పెరిగితే, అప్పటి 10.6 లక్షలు ఈనాటి మూడు లక్షల పైచిలుకుతో సమానం.

ఇప్పుడు అదే ఇరవై వేలను రెండుగా విడగొడదాం. పాతిక లక్షల టర్మ్‌కు ఏడాదికి 8,000 పెడదాం. పొగాకు అలవాటు లేని 28 ఏళ్లవాడికి చాలా కంపెనీల్లో ఇంతకంటే తక్కువే పడొచ్చు. అయినా లెక్క తప్పితే టర్మ్‌కు వ్యతిరేకంగానే తప్పాలని ఎక్కువ వేశాను. మిగిలిన 12,000 పోస్టాఫీసు పీపీఎఫ్‌లో వేస్తే, 2020 ఏప్రిల్ నుంచి నడుస్తున్న 7.1 శాతం వడ్డీ అలాగే ఉంటే, 15 ఏళ్ల గడువు ముగిశాక అయిదేసి ఏళ్లు రెండుసార్లు పొడిగించి, 25వ ఏట 8.2 లక్షలు అవుతుంది.

టర్మ్‌ను సమర్థించేవాళ్లు సాధారణంగా దాటేసే చోటు ఇదే. ‘టర్మ్ కొని మిగతాది దాచుకుంటే ఎక్కువ వస్తుంది’ అని వాళ్లు అంటారు. మన లెక్కలో ఎక్కువ రాలేదు. ఎండోమెంట్‌కు 10.6, దీనికి 8.2. అంటే 2.4 లక్షలు తక్కువ. ఎందుకంటే రక్షణను అయిదు లక్షల నుంచి పాతిక లక్షలకు పెంచాం, దాని ఖరీదు ఎక్కడో ఒకచోట తేలాలి. రక్షణను అయిదు లక్షల దగ్గరే ఉంచి పోలిస్తే కథ మారుతుంది. ఆ చిన్న టర్మ్‌కు 2,500 పోయినా, మిగతా 17,500 పీపీఎఫ్‌లో 12 లక్షలు అవుతుంది. అంటే ఎండోమెంట్‌ను దాటుతుంది. కాబట్టి సమానమైన రక్షణతో పోలిస్తే టర్మ్, పొదుపు విడివిడిగా ఉండటమే లాభం. రక్షణను అయిదు రెట్లు చేసుకుంటే చివర్లో కొంత తగ్గుతుంది. ఆ తగ్గే 2.4 లక్షలు ఈనాటి విలువలో డెబ్బై వేలు. పాతికేళ్ల పాటు బిడ్డ తల మీద ఇంకో ఇరవై లక్షల నీడకు డెబ్బై వేలు. నా మటుకు ఆ బేరం గురించి రెండో ఆలోచన లేదు.

పోనీ, ఆ పాతిక లక్షల రక్షణ ఎండోమెంట్‌తోనే కావాలంటే? అయిదు లక్షలకు 20,000 చొప్పున ఏడాదికి లక్ష రూపాయలు కట్టాలి. అతని ఏడాది జీతం 2,16,000.

నాలుగు ప్రీమియాలు కట్టాక ఆ తండ్రి పోయాడనుకుందాం. రాయడానికి చేయి రాదు, కానీ పాలసీ ఉన్నది ఆ రోజు కోసమే. ఎండోమెంట్ ఉంటే అయిదు లక్షలు, నాలుగేళ్ల బోనస్ 90,000, కలిపి 5.9 లక్షలు వస్తాయి. ఏడాదికి 1,32,000 ఖర్చయ్యే ఇంట్లో ఆ డబ్బు నాలుగున్నరేళ్లలో అయిపోతుంది. అప్పటికి పాప ప్రాథమిక బడి దాటి ఉంటుందంతే. టర్మ్ ఉంటే పాతిక లక్షలు. అందులో 9 లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేస్తే, ఇప్పటి 7.4 శాతం వడ్డీకి నెలనెలా 5,550 వస్తుంది, అసలు కదలదు. మిగిలిన 16 లక్షలు పిల్ల చదువుకు, పెరిగే ధరలకు ఉంటాయి. ఆ తల్లి మిర్చి కోతలకు కూలికి వెళ్లాల్సిన పని పడకపోవచ్చు.

ఎండోమెంట్‌లో నాకు ఎక్కువ భయం కలిగించేది తక్కువ వడ్డీ కాదు, మధ్యలో ఆగిపోవడం. ఎల్ఐసీ ప్రకటించే అంకెల్లోనే, ఇటీవలి ఏళ్లలో అయిదేళ్లు దాటేసరికి నిలిచి ఉన్న పాలసీలు, సంఖ్యలో చూస్తే, సగం అటూ ఇటూ. చిన్న జీతాల ఇళ్లలో ఆగిపోవడానికి కారణం పెద్దది కానక్కర్లేదు. గోదారి వరద ఒకటి చాలు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఈ తీరంలో ఎన్ని ఇళ్ల లెక్కలు తలకిందులయ్యాయో అందరూ చూశారు. మూడేళ్లు కట్టి 60,000 పోశాక ఆపేస్తే, పాత నిబంధనల కింద హామీగా వచ్చేది అందులో 35 శాతం, అంటే 21,000. 2024 అక్టోబరు నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఒక్క ఏడాది ప్రీమియం కట్టి ఏడాది గడిచినా ఎంతోకొంత సరెండర్ విలువ ఇవ్వాలి, ఆ విలువ కట్టే పద్ధతి కూడా మెరుగుపడింది. అయినా మూడో ఏట ఆపేసినవాడికి కట్టినదాంట్లో సగం అటూ ఇటూ మాత్రమే దక్కుతుందని నా లెక్క. టర్మ్ ఆగితే రక్షణ పోతుంది, అది పెద్ద నష్టమే. కానీ పీపీఎఫ్‌లో ఉన్న పొదుపు అలాగే ఉంటుంది. ఆ ఖాతాలో ఏడాదికి 500 వేసినా బతికే ఉంటుంది.

ఎండోమెంట్ వైపు న్యాయంగా చెప్పాల్సింది కూడా ఉంది. చేతిలో ఉంటే ఖర్చయిపోతుందని తెలిసినవాడికి అది బలవంతపు హుండీ. కొన్నేళ్లు కట్టాక దాని మీద అప్పు తీసుకోవచ్చు. వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లడం కంటే అది ఎంతో నయం. తక్కువ మొత్తాలకు ఆదాయ రుజువులు, వైద్య పరీక్షలు పెద్దగా అడగరు. ఎండోమెంటే కావాలనుకునేవాళ్లు పోస్టాఫీసులో గ్రామీణ తపాలా జీవిత బీమాను ఒకసారి చూడాలి. 1995లో పల్లెల కోసమే మొదలైన ఈ పథకంలో ‘గ్రామ్ సంతోష్’ అనేది ఎండోమెంట్ పాలసీ, గరిష్ఠ బీమా పది లక్షలు. ఇటీవలి ఏళ్లలో దాని బోనస్ వెయ్యికి 48 రూపాయలు. ఊళ్లో పోస్టుమాస్టరే కట్టించుకుంటాడు. కానీ అది కూడా పాతిక లక్షల రక్షణ తర్వాత మిగిలిన డబ్బుతో ఆలోచించాల్సింది. పన్ను మిగులుతుందన్న మాటకు మాత్రం ఇక్కడ విలువ లేదు. నెలకు 18,000 జీతానికి పన్నే పడదు.

మరి టర్మ్ అంత మంచిదైతే చర్లలో ఎవరూ ఎందుకు కొనరు? ఏజెంటుకు వచ్చే కమీషన్ ప్రీమియంలో శాతం. 20,000 మీద వచ్చేదీ 8,000 మీద వచ్చేదీ ఒకటి కాదు. అతనికీ ఇల్లుంది, అతన్ని తప్పు పట్టను. ఇంకో కారణం ఇంకా గట్టిది. చాలా కంపెనీల పెద్ద టర్మ్ పాలసీలకు జీతం స్లిప్పులు, పన్ను రిటర్నులు, డిగ్రీ అడుగుతారు. కొన్ని ఊళ్ల పిన్‌కోడు చూసి వెనక్కి తగ్గే కంపెనీలూ ఉన్నాయి. దుకాణం యజమాని నుంచి జీతం నగదుగా తీసుకునే గుమస్తా దగ్గర ఈ కాగితాలు ఎక్కడివి?

ఈ ఇబ్బందికి ఒక దారి ఉంది, కానీ దాని పేరు ఈ ప్రాంతంలో ఎవరి నోటా వినలేదు. సరళ్ జీవన్ బీమా. హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో 2021 జనవరి నుంచి జీవిత బీమా కంపెనీలన్నీ ఒకే షరతులతో అమ్మాల్సిన టర్మ్ పాలసీ ఇది. చదువు, వృత్తి, ఊరు చూసి కాదనకూడదన్నది దాని ఉద్దేశం. 5 లక్షల నుంచి 25 లక్షల దాకా బీమా. 18 నుంచి 65 ఏళ్లవారు తీసుకోవచ్చు. షరతు ఒక్కటి గుర్తుంచుకోవాలి. మొదటి 45 రోజుల్లో ప్రమాదంలో మరణిస్తే తప్ప పూర్తి బీమా రాదు. షరతులు అన్ని కంపెనీల్లో ఒకటే అయినా ప్రీమియం మాత్రం చాలా తేడాగా ఉంటుంది. కనీసం మూడు కంపెనీల ధర అడగాలి. ఆరోగ్యం బాగుండి, కాగితాలు చూపగలిగితే మామూలు టర్మ్ ఇంకా చవకగా దొరుకుతుంది, దాన్నే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. అంతకుముందు టర్మ్‌పై 18 శాతం ఉండేది. గడువు తీరితే కట్టిన ప్రీమియం తిరిగిచ్చే టర్మ్ కూడా అమ్ముతున్నారు. దానికి అడిగే అదనపు డబ్బును పీపీఎఫ్‌లో వేసుకుంటే చాలు.

ప్రభుత్వ పథకాలను కూడా లెక్కలో వేసుకోవాలి. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షలు ఇస్తుంది. 18 నుంచి 50 ఏళ్లలోపు చేరాలి. మే చివర ఖాతాలో డబ్బు లేకపోతే రక్షణ ఆగిపోతుంది, ఊళ్లో ఎక్కువమందికి జరిగేది అదే. మన తండ్రికి ఈ రెండు లక్షలు అప్పులు తీర్చడానికి సరిపోతాయి, పాతిక లక్షలు ముట్టుకోకుండా. పట్టా పాస్‌బుక్ ఉన్నవారికి 2018 నుంచి రైతుబీమా కింద 5 లక్షలు వస్తాయి. కౌలుకు చేసేవారికి, పట్టా లేనివారికి అది లేదు. యజమాని పీఎఫ్ కడుతుంటే దాంతోపాటే ఏడు లక్షల దాకా బీమా ఉంటుంది. నలుగురైదుగురు పనిచేసే దుకాణంలో ఆ ఆశ పెట్టుకోవద్దు.

“మన చావు తర్వాత ఇస్తరో లేదో ఎవరికి ఎరుక?” అనేది చివరి సందేహం, న్యాయమైన సందేహం. దేశం మొత్తం మీద వ్యక్తిగత మరణ క్లెయిములలో వందకు 96కు పైగా చెల్లిస్తున్నారు. ఆగిపోయే మిగతా వాటిలో చాలావరకు దరఖాస్తు రాసిన రోజే పాడైనవి. పొగాకు వాడతారా అన్న ప్రశ్న దగ్గర ఏజెంటు తొందరలో ‘లేదు’ అని టిక్కు పెడతాడు. మన దగ్గర బీడీ, ఖైనీ, గుట్కా ఎంత మామూలో తెలిసిందే. అవన్నీ పొగాకే. రెండేళ్ల కింద ఆసుపత్రిలో చేరిన సంగతి, తాగే అలవాటు, ఉన్న పాత పాలసీలు, అన్నీ రాయించాలి. ప్రీమియం కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండాక ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించలేరు. కానీ ఆ మూడేళ్ల లోపే ఏదైనా జరిగితే, దాచిన ఒక్క బీడీ పాతిక లక్షలను ఆపగలదు. దరఖాస్తు తెలుగులో చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల లోపు నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు.

నామినీగా భార్య పేరు రాయండి. బిడ్డ పేరు రాస్తే, మైనరు కాబట్టి డబ్బు తీసుకునే పెద్దవాళ్ల పేరు కూడా రాయాలి. ఆధార్‌లో, బ్యాంకులో, పాలసీలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. అప్పుల భయం ఉన్నవాళ్లు దరఖాస్తుతో పాటే వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పాలసీ కావాలని ఫారం నింపాలి. 1874 నాటి ఆ చట్టం వల్ల ఆ డబ్బు భార్యాబిడ్డలదే అవుతుంది, అప్పులవాళ్లు మామూలుగా దాన్ని ముట్టుకోలేరు. ఈ పని పాలసీ తీసుకునేటప్పుడే చేయాలి, తర్వాత కుదరదు.

ఇప్పటికే ఎండోమెంట్ కట్టేవాళ్లు ఈ వ్యాసం చదివి రేపే రద్దు చేసుకోవద్దు. ముందు టర్మ్ చేతికి రావాలి. పాత పాలసీ పదేళ్లు, పన్నెండేళ్లు నడిచి ఉంటే చివరిదాకా కట్టడమే మేలు, బోనస్ చాలావరకు చేరిపోయింది కాబట్టి. రెండు మూడేళ్లే అయితే, ఇక ప్రీమియం కట్టకుండా పెయిడప్‌గా వదిలేస్తే గడువుకు ఎంత వస్తుందో, ఇప్పుడు సరెండర్ చేస్తే ఎంత వస్తుందో బ్రాంచిలో కాగితం మీద రాయించుకోండి. ఆ రెండు అంకెలు చూశాక నిర్ణయించుకోండి.

చర్లలో మూడేళ్ల పాప ఉన్న ఆ గుమస్తాకు నేను చెప్పేది ఇది. తమ్ముడూ, ముందు పాతిక లక్షల టర్మ్ తీసుకో, పాపకు ఇరవై రెండేళ్లు దాటేదాకా. బ్యాంకులో 436 రూపాయల బీమా ఆపకు. మిగిలింది పోస్టాఫీసులో పీపీఎఫ్‌లోనో, ఆడపిల్ల కాబట్టి 8.2 శాతం వడ్డీ ఉన్న సుకన్య సమృద్ధిలోనో వేయి. పాలసీ కాగితం ఏ పెట్టెలో ఉందో, ఏదైనా జరిగితే ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఈ రాత్రే నీ భార్యకు చూపించు.